ఇంటర్వ్యూల మధ్యలో ఇంక్రిమెంట్ లెటర్ వస్తే

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మారదామనుకునేవాళ్లకి రిక్రూటర్ నుంచి వచ్చే మొదటి ఫోన్‌లో మూడు ప్రశ్నలుంటాయి. ఇప్పుడు సీటీసీ ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు. ఆ రోజు చెప్పిన జవాబులు ఒక షీట్‌లోకి ఎక్కుతాయి. ఇంటర్వ్యూలు ముగిసేసరికి నెల, నెలన్నర గడిచిపోతుంది. ఈలోగా పాత కంపెనీలో అప్రైజల్ పూర్తయి జీతం పెరిగితే, షీట్‌లో ఉన్నది పాత లెక్క. దాన్ని మార్చమని అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఆ మొహమాటం ఖరీదు ఎంతో చూద్దాం.

ఒకమ్మాయి మే నెలలో తన సీటీసీ 12 లక్షలని, 15.6 లక్షలు కావాలని చెప్పిందనుకుందాం. అంటే 30 శాతం పెంపు. జూన్ 10న ఆమెకు లెటర్ వచ్చింది. ప్రమోషన్‌తో పాటు జీతం 13.2 లక్షలైంది, అదీ ఏప్రిల్ 1 నుంచి. ఇప్పుడు అదే 15.6 లక్షల ఆఫర్ వస్తే పెంపు 18 శాతానికి పడిపోతుంది. మొదట అనుకున్న 30 శాతమే నిలవాలంటే 17 లక్షలు దాటాలి. ఆమె నోరు విప్పకపోతే ఏడాదికి లక్షన్నర పైచిలుకు వదులుకున్నట్టే. మన దగ్గర చాలా కంపెనీలు కొత్త జీతాన్ని పాత జీతం మీద ఇంత శాతమని లెక్కకడతాయి కాబట్టి, ఆ పునాది అంకె తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

ఎప్పుడు చెప్పాలి? లెటర్ చేతికొచ్చిన రోజే. ఆఖరి రౌండ్ అయ్యాక రిక్రూటర్ ఒక అంకె వేసి మేనేజరు, ఫైనాన్స్ వాళ్ల ఆమోదానికి పంపుతారు. అది ఆమోదమయ్యేలోపు చెబితే అంకె దిద్దడం తేలిక. ఆఫర్ లెటర్ వచ్చాక చెబితే ఆమోదాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి, రిక్రూటర్‌కి విసుగొస్తుంది. ఆఫర్‌కి సరేనన్నాక చెబితే బేరమాడుతున్నారనే అనుకుంటారు. నేనైతే ముందు ఫోన్‌లో చెప్పి, వెంటనే ఆ మాటే మెయిల్‌లో పెట్టమంటాను. కొత్త సీటీసీ ఎంత, ఎప్పటి నుంచి అమలు, హోదా ఏమైంది, ఇప్పుడు ఎంత ఆశిస్తున్నాను. ఈ నాలుగూ చాలు. లెటర్ అడిగితే పంపుతానని ఒక ముక్క కలపండి. ఆశించే అంకెను మీరే స్పష్టంగా చెప్పకపోతే వాళ్లు పాత 15.6నే పట్టుకుంటారు.

లెటర్ రాకుండా మేనేజరు నోటిమాటగా చెప్పిన పెంపును మాత్రం కొత్త జీతంగా చెప్పుకోవద్దు. "అప్రైజల్ నడుస్తోంది, లెటర్ రాగానే తెలియజేస్తాను" అంటే సరిపోతుంది. ఎందుకంటే చివర్లో మూడు నెలల పేస్లిప్పులు, ఇంక్రిమెంట్ లెటర్ అడుగుతారు. అక్కడ ఇంకో చిక్కుంది. మన ఉదాహరణలో నెలకు లక్ష ఉన్న జీతం 1,10,000 అయింది. ఏప్రిల్, మే ఏరియర్స్ 20,000 కలిసి జూన్ పేస్లిప్పులో 1,30,000 కనిపిస్తుంది. దాన్నే నెలజీతంగా చూపడం తప్పు. ఏప్రిల్, మే పేస్లిప్పుల్లో మాత్రం పాత లక్షే ఉంటుంది. ఇలా మూడు నెలలకీ పొంతన కుదరనప్పుడు అనుమానం తీర్చేది, అమలు తేదీ ఉన్న ఆ లెటరే.

జీతం సంగతి చెప్పి హోదా సంగతి మరిచిపోయేవాళ్లూ ఉన్నారు. రెజ్యూమేలో పాత హోదా, రిలీవింగ్ లెటర్లో కొత్తది ఉంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ప్రశ్న లేస్తుంది. ఇంతకన్నా ముఖ్యం నోటీస్ పీరియడ్. కొన్ని కంపెనీల్లో పై గ్రేడుకి వెళ్తే 60 రోజుల నోటీసు 90 అవుతుంది. అది లెటర్ రెండో పేజీలో చిన్న వాక్యంగా ఉంటుంది. రెండు నెలల్లో చేరతానని మాటిచ్చి తర్వాత మూడు నెలలంటే, తొందరలో ఉన్న కంపెనీ మరొకరిని చూసుకోవచ్చు. అందుకే లెటర్ మొత్తం చదివాకే ఫోన్ చేయాలి.

రాజీనామా ఇచ్చాక ఆపడానికి పాత కంపెనీ ఇస్తానన్న పెంపు సంగతి వేరు. దాన్ని అప్రైజల్‌లా చెబితే లెటర్ మీది తేదీయే అసలు సంగతి బయటపెడుతుంది. అది కౌంటర్ ఆఫరని ఉన్నదున్నట్టు చెప్పాలి.

అమెరికాలో మనవాళ్లకి ఇదంతా ఒకేలా వర్తించదు. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగడమే చట్టవిరుద్ధం. అభ్యర్థి తనంతట తాను చెబితే మాత్రం కంపెనీ దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. అందుకని అక్కడ ప్రమోషన్ వస్తే కొత్త హోదా, కొత్తగా ఆశించే జీతం చెప్పి, పెరిగిన అంకెను తన దగ్గరే ఉంచుకోవచ్చు.