తోక తెగితే... మాట మారుతుంది!

చల్లపల్లిలో ఓ విలేకరుల సమావేశం జరుగుతోందనుకుందాం. పైన ఫ్యాను కిర్రుమంటోంది. టీ గ్లాసులు చేతులు మారుతున్నాయి. పది మంది విలేకరుల ముందు ఓ రైతు నాయకుడు మాట్లాడుతున్నారు.

''ఎగువన వానలు పడి బ్యారేజీకి నీరు చేరితే, ఈ నెల 20లోగా చివరి భూములకు కూడా నీళ్లిస్తామని ఇంజినీర్లు చెప్పారు.''

ఓ విలేకరి గబగబా రాసుకున్నాడు. సగంలో ఉండగానే నాయకుడు తర్వాతి మాటలోకి వెళ్లిపోయారు. పుస్తకంలో మిగిలింది ఇంతే: 'బ్యారేజీ నీరు... 20లోగా చివరి భూములకు నీళ్లిస్తాం'. మర్నాడు అదే కొటేషన్ గుర్తుల మధ్య, నాయకుడి పేరుతో అచ్చయింది. కాలువ చివర ఉన్న రైతు అది చదివి, బోరు నీళ్లతో నారుమడి పోసుకున్నాడు. వానలు పడలేదు. నీరు రాలేదు. నెల తిరక్కుండా నాటాల్సిన నారు మడిలోనే ముదిరిపోయింది. 'నేనెప్పుడన్నాను?' అంటారు నాయకుడు. 'మీరే అన్నారు' అంటాడు విలేకరి. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. మరి తప్పెక్కడ?

కిటుకంతా చివర్లోనే...

ఇంగ్లిషులో క్రియ, 'కాదు' అన్న మాట వాక్యం మొదట్లోనే వచ్చేస్తాయి. తెలుగులో అసలు సంగతి చివరిదాకా తేలదు. 'చేస్తాం', 'చేయం', 'చేస్తే', 'చేస్తామన్నారు', 'చేస్తారట'... ఎవరు, ఎప్పుడు, అవునా, కాదా, షరతు ఉందా అన్నదంతా వాక్యం తోకలోనే ఉంటుంది. మొదటి నుంచీ ఒక్కో మాటా పూర్తిగా రాసుకుంటూ వచ్చేవాళ్ల కలం సరిగ్గా అక్కడికి వచ్చేసరికే వెనకబడిపోతుంది. పై వాక్యంలో పోయినవి రెండే రెండు ముక్కలు. 'చేరితే'లోని 'తే' పోయింది, షరతు ఎగిరిపోయింది. 'ఇంజినీర్లు చెప్పారు' పోయింది, వాళ్ల మాట నాయకుడి నోట్లోకి వచ్చింది.

కాబట్టి చేయాల్సింది తల కుదించడం, తోకను పూర్తిగా రాయడం. అనుభవమున్నవాళ్ల పుస్తకంలో ఆ వాక్యం ఇలా ఉండొచ్చు: 'ఎగు. వాన - బ్యా. నీరు చేరితే - 20లోగా చివ. భూ. నీళ్లిస్తామని ఇంజి. చెప్పారు'. నామవాచకాలను ఎంత కత్తిరించినా తర్వాత గుర్తొస్తాయి. క్రియను కత్తిరిస్తే దాన్ని మన ఊహతో పూరించాల్సిందే.

గీతల్లోనూ అదే జాగ్రత్త

'షార్ట్‌హ్యాండ్ వస్తే ఈ గొడవే ఉండదుగా' అనిపించొచ్చు. సర్ ఐజాక్ పిట్‌మన్ 1837లో తన పద్ధతిని ఇంగ్లండులో ప్రచురించారు. హల్లులకు గీతలు, అచ్చులకు చుక్కలు, చిన్న అడ్డగీతలు. 'ప'కు సన్నగీత, 'బ'కు అదే గీత లావుగా. తెలుగు షార్ట్‌హ్యాండూ ఆ బాటలోదే. వేగం పెరిగేకొద్దీ అచ్చుల చుక్కలు వదిలేసి, హల్లుల గీతలతోనే నడిపిస్తారు. గీత లైను పైన ఉందా, లైను మీద ఉందా, లైనును కోస్తూ ఉందా అన్నదాన్ని బట్టి మొదటి అచ్చును పోల్చుకుంటారు.

చిక్కంతా ఇక్కడే. 'చేస్తా', 'చేస్తే', 'చేస్తూ'... మూడింటికీ హల్లులు ఒకటే, మొదటి అచ్చూ ఒకటే. తేడా అంతా చివరి అచ్చులో. అది వదిలేస్తే మూడూ ఒకే బొమ్మ! అందుకే ఎంత తొందరలో ఉన్నా క్రియ చివరి అచ్చుకు చుక్క పెట్టి తీరాలి. షార్ట్‌హ్యాండ్ రానివాళ్లు దిగులు పడక్కర్లేదు. గీతల బదులు సొంత పొట్టి గుర్తులు పెట్టుకున్నా సూత్రం ఇదే.

రికార్డరు ఉందిగా...

ఉంది. కానీ దాన్ని సాక్షిగా వాడుకోవాలి, మన బదులు వినేవాడిగా కాదు. గంటసేపటి రికార్డింగును ఆపుతూ, వెనక్కి తిప్పుతూ రాసుకోవాలంటే మూడు నాలుగు గంటలు పడుతుంది. డెస్కుకు వార్త అందాల్సిన సమయం అంతసేపు ఆగదు. అందుకని రికార్డరు నొక్కగానే పుస్తకం మార్జిన్లో సున్నా వేసుకోవాలి. ముఖ్యమైన మాట వచ్చినప్పుడల్లా అక్కడ కనిపిస్తున్న నిమిషం రాసుకోవాలి. 12-40 అని ఉంటే, తర్వాత వినాల్సింది ఆ ముక్క ఒక్కటే.

ఫోనులో రికార్డు చేసేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవొద్దు. మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది. దాన్ని ఫ్యాను కింద, టీ గ్లాసుల పక్కన కాకుండా మాట్లాడేవారి దగ్గర ఉంచాలి. ముందుగా పది సెకన్లు రికార్డు చేసి విని చూడాలి. అందరికీ కనిపించేలా పెట్టడం కూడా అవసరమే. న్యాయపరమైన రక్షణకో, మరో బలమైన కారణానికో తప్ప అవతలివారికి తెలియకుండా వారి మాటలు రికార్డు చేయకూడదని భారత ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది.

వార్త అచ్చవగానే చెరిపేయడమూ తప్పే. 1975లో జియాఉద్దీన్ బుఖారీ ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు టేపులోని ప్రసంగాన్ని సాక్ష్యంగా తీసుకోవడం గురించి చెప్పింది. గొంతు ఎవరిదో గుర్తించాలి, రికార్డు చేసినవారు అది సరైనదని నిరూపించాలి, మార్చే అవకాశం లేదని తేలాలి, విషయానికి సంబంధం ఉండాలి. కత్తిరించిన ముక్క ఒక్కటే మిగిలితే ఇవన్నీ చూపించడం కష్టం.

లేచేముందు రెండు నిమిషాలు

సమావేశం అయిపోగానే అందరూ లేస్తారు. అసలు పని అప్పుడే. అనుమానమున్న వాక్యం పక్కన వేసుకున్న చుక్క గుర్తులు చూసుకుని, మాట్లాడినవారి దగ్గరికే వెళ్లాలి. ''నీళ్లు తప్పకుండా ఇస్తామన్నారాండీ, నీరు చేరితేనే ఇస్తామన్నారా?'' అని రెండూ వినిపించి అడగాలి. 'ఇస్తామన్నారు కదా?' అని ఒక్కటే అడిగితే చాలామంది హడావుడిలో 'ఆఁ' అనేస్తారు.

అంకెలదీ ఇదే తంతు. ఇరవై, అరవై... డెబ్బై, తొంభై... చప్పుడులో ఒకేలా వినిపిస్తాయి. వాటిని అంకెలుగా రాసి చూపించి అడగడం మేలు. లెక్క కట్టి చూసినా తప్పు దొరుకుతుంది. ఆ నాయకుడే ''కాలువకు 500 క్యూసెక్కులు 20 రోజులు ఇస్తే చాలు'' అన్నారనుకుందాం. ఒకరి పుస్తకంలో అది '5 టీఎంసీలు' అయింది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 500ను 20తో గుణిస్తే 10,000. అంటే మొత్తం కలిపినా ఒక్క టీఎంసీ కూడా నిండదు! చరవాణిలో అర నిమిషం పని.

ఇవన్నీ అయ్యాక కూడా మాట పక్కాగా తెలియకపోతే? కొటేషన్ గుర్తులు తీసేయాలి. తెలిసిన సారాన్ని మాత్రం 'అని వివరించారు' అంటూ సొంత వాక్యంలో రాయాలి. షరతును మాత్రం అందులోనూ వదలకూడదు. చేతికిచ్చిన ప్రెస్‌నోట్‌లో ఒకటి, నోటితో మరొకటి చెబితే ఏది ఎక్కడిదో వార్తలోనే చెప్పాలి.

ఈ సంగతి ఇంట్లోనూ పరీక్షించి చూడొచ్చు. పేపర్లోని ఓ వార్తను తాతయ్య మామూలు వేగంతో ఒక నిమిషం చదవాలి. పిల్లలు విన్నది విన్నట్టు రాయాలి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, ఎన్ని వాక్యాలకు తోకలు మిగిలాయో లెక్కపెట్టండి.