ఉత్పత్తి పెరిగితే ఉద్యోగాలు తగ్గాయట!

1967లో జేమ్స్ లాంగ్లీ కంప్యూటర్ల లెక్క ఎంత నికార్సైనదో తేల్చడానికి ఒక చిన్న రిగ్రెషన్ కట్టించాడు. 1947 నుంచి 1962 దాకా అమెరికాలో ఏటా ఎంతమంది ఉద్యోగాల్లో ఉన్నారో చెప్పాలి. అందుకు తీసుకున్న కారణాలు ఆరు: ధరల సూచీ, స్థూల జాతీయోత్పత్తి, నిరుద్యోగులు, సైన్యం, జనాభా, సంవత్సరం.

ఆర్-స్క్వేర్ 0.995 వచ్చింది. అంటే ఉద్యోగాల్లోని హెచ్చుతగ్గులు దాదాపు అన్నీ లెక్కకు అందాయి. కానీ విడివిడిగా చూస్తే కథ వేరు. టి-విలువ సుమారు 2 దాటితేనే ఆ కారణాన్ని నమ్ముతారు. ధరలకు వచ్చింది 0.18, జనాభాకు మైనస్ 0.23. జాతీయోత్పత్తి గుణకమైతే మైనస్‌లో తేలింది. ఉత్పత్తి పెరిగితే ఉద్యోగాలు తగ్గుతాయని ఎవరైనా ఒప్పుకుంటారా?

ఇది మల్టీకోలినియారిటీ. ఆ 16 ఏళ్లలో ఉత్పత్తి, ధరలు, జనాభా, క్యాలెండర్ అన్నీ కలిసే పైకి వెళ్లాయి. ఉత్పత్తికీ సంవత్సరానికీ సహసంబంధం 0.995. ఎవరి వాటా ఎంతో విడదీయడానికి డేటాలో ఆధారమే లేదు. అందుకే ప్రామాణిక దోషాలు ఉబ్బిపోయాయి. అయితే అవి అబద్ధం చెప్పడం లేదు, ఉన్న అనిశ్చితినే చూపిస్తున్నాయి. ఉత్పత్తిని ధరల సూచీతో భాగించి నిజ ఉత్పత్తిగా మార్చడం, సంవత్సరాన్ని తీసేయడం, మరింత డేటా తేవడం ఇక్కడి మందులు. కేవలం అంచనా వేయడమే పనైతే, ఆ పోకడలు అలాగే సాగినంత కాలం ఏమీ చేయనక్కర్లేదు కూడా.

మిగతా రెండు జబ్బులు గుణకాల పట్టికలో దొరకవు. వాటిని అవశేషాల్లో, అంటే అసలు విలువకూ అంచనాకూ మధ్య తేడాల్లో, వెతకాలి. ఎంగెల్ వాడిన 19వ శతాబ్దపు బెల్జియం కుటుంబాల లెక్కల్లో ఆదాయం పెరిగేకొద్దీ తిండి ఖర్చులోని తేడాలు విసనకర్రలా విచ్చుకుంటాయి. పేదింట ఖర్చుకు పెద్దగా ఎంపిక ఉండదు, ఉన్నవాళ్లకు ఉంటుంది. ఇది హెటెరోస్కెడాస్టిసిటీ. లాగ్ తీసుకోవడం, వెయిటెడ్ లీస్ట్ స్క్వేర్స్, లేదా వైట్ 1980లో ఇచ్చిన రోబస్ట్ ప్రామాణిక దోషాలు దీనికి విరుగుడు.

కాలక్రమంలో పేర్చిన అవశేషాలు కొన్నేళ్లు వరసగా ప్లస్‌లో, తర్వాత కొన్నేళ్లు మైనస్‌లో ఉంటే ఆటోకోరిలేషన్ అనుమానించాలి. డర్బిన్-వాట్సన్ సంఖ్య 2 దగ్గరుంటే ఫర్వాలేదు. 0 వైపు జారితే ధనాత్మక ఆటోకోరిలేషన్. కోక్రేన్-ఆర్కట్ సవరణ, న్యూవీ-వెస్ట్ ప్రామాణిక దోషాలు దీని మందులు.

పోటీ పరీక్షల్లో ఆప్షన్లు ఈ మందులనే తారుమారు చేసి ఇస్తాయి. ఆర్-స్క్వేర్ ఎక్కువ, టి-విలువలు తక్కువ అని చెప్పి వైట్ ప్రామాణిక దోషాలు సూచిస్తే ఆ ఆప్షన్ కొట్టేయాలి. మల్టీకోలినియారిటీ వల్ల గుణకాలకు పక్షపాతం వస్తుందన్నదీ తప్పే.