చేబదులు, నోటు, మూడేళ్ల గడువు

స్నేహితుల మధ్య అప్పు చాలావరకు చేబదులుగానే మొదలవుతుంది. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానని తీసుకున్న రెండు వేలకు ఎవరూ కాగితం రాసుకోరు, రాసుకోనవసరమూ లేదు. మొత్తం లక్ష దాటి, గడువు నెలల్లోకి పోయిందంటే మాత్రం అది చేబదులు కాదు, అప్పు. దానికి ఎంత ఇవ్వాలన్న లెక్క, రాత, గడువు మూడూ కావాలి.

ఎంత ఇవ్వాలన్నది అడిగిన మొత్తాన్ని బట్టి తేల్చేది కాదు. ఆ డబ్బు రెండేళ్లపాటు రాకపోయినా ఇల్లు నడవాలి, పిల్లల ఫీజులు ఆగకూడదు. అవతలివారి వైపు నుంచి చూస్తే, ఖర్చులు పోను నెలకు ఎంత మిగులుతుందో అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రి బిల్లు, కాలేజీ ఫీజు లాంటివి ఒకసారితో తీరే అవసరాలు. పాత అప్పుల వడ్డీ కట్టడానికి కొత్త అప్పు అడుగుతున్నారంటే ఆ గొయ్యి ఈ డబ్బుతో పూడదు. ఇక తన నగలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బును స్నేహితుడికి ఇవ్వడమంటే అతని బాకీతోపాటు బ్యాంకు వడ్డీని కూడా నెత్తిన వేసుకోవడమే.

ఉదాహరణకు, నెలకు 31,000 జీతం వచ్చే ఒక ప్రైవేటు ఉద్యోగి, ఇల్లు పూర్తి చేసుకోవడానికి తన మిత్రుడైన మాస్టారిని 3 లక్షలు అడిగాడు. మాస్టారు తన వీలు చూసుకుని లక్షన్నరే ఇస్తానన్నారు, వడ్డీ నూటికి రూపాయి. అంటే నెలకు 1,500, ఏడాదికి 12 శాతం. 2023 జూన్ 10న డబ్బు బ్యాంకు ద్వారా పంపి, అదే రోజు ప్రామిసరీ నోటు రాయించుకున్నారు.

డబ్బు బ్యాంకు ద్వారా పంపడం వెనక రెండు కారణాలున్నాయి. ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నవారికి అంత మొత్తం జరిమానా పడవచ్చు. పన్ను పడే ఆదాయం లేకుండా వ్యవసాయ ఆదాయం మీదే బతికే ఇద్దరి మధ్య మాత్రం దీనికి మినహాయింపు ఉంది. రెండోది, డబ్బు చేరలేదని రేపు ఎవరూ అనలేరు. అయితే బ్యాంకు లెక్కలో డబ్బు వెళ్లినట్టే కనబడుతుంది, అది అప్పని కనబడదు. ఆ పని నోటు చేస్తుంది.

నోటులో అప్పు తీసుకున్నవారి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం, వడ్డీ రేటు ఉండాలి. ‘మీరు కోరినప్పుడు మీకు గాని, మీ అనుమతి పొందిన వారికి గాని చెల్లించగలవాడను’ అన్న మాట దానికి ప్రాణం. స్థలం అమ్ముడుపోయాక ఇస్తాను, పంట చేతికొచ్చాక ఇస్తాను అని షరతు పెడితే అది ప్రామిసరీ నోటు కాకుండా పోతుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం బేషరతు హామీనే నోటుగా గుర్తిస్తుంది. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం దాని మీదుగా పోయేలా చేయించాలి. స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. కొన్ని దస్తావేజుల్లో తర్వాత జరిమానా కట్టి లోపం సరిదిద్దుకునే వీలుంది గాని, నోటుకు అదీ లేదు. సాక్షులు చట్టరీత్యా తప్పనిసరి కాదు, అయినా ఇద్దరుంటే సంతకం నాది కాదన్న వాదన నిలవడం కష్టం. ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకుని తర్వాత నింపడం మన ఊళ్లలో మామూలే గాని, కోర్టులో గొడవకు అదే మొదటి దారి.

డిమాండ్ నోటుకు ఆయుష్షు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. అడిగిన రోజు నుంచి కాదు, ఇవ్వనన్న రోజు నుంచీ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మాస్టారి నోటుకు 2026 జూన్ 10 ఆఖరు తేదీ. అప్పటికి దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. ఇచ్చేస్తాలే అన్న నోటిమాటలు ఎన్ని ఉన్నా ఆ తేదీ జరగదు.

అది జరగాలంటే గడువు తీరకముందే అప్పు తీసుకున్నవారు బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెట్టాలి, లేదా కొంత చెల్లించి ఆ చెల్లింపును రాతలో ఒప్పుకోవాలి. నోటు వెనక చెల్లు వేయించడమంటే ఇదే. పై ఉదాహరణలో 2025 జనవరి 10న ఆ ఉద్యోగి 40,000 ఇచ్చాడనుకుందాం. అప్పటికి 19 నెలల వడ్డీ 28,500. వేరే ఒప్పందం లేకపోతే చెల్లింపు ముందు వడ్డీకే పోతుంది. మిగిలిన 11,500 అసలులో తగ్గి, అసలు 1,38,500 అవుతుంది. నోటు వెనక తేదీ, మొత్తం రాసి అతను సంతకం పెడితే మూడేళ్లు మళ్లీ మొదలై గడువు 2028 జనవరి 10 దాకా పోతుంది. ఆ చెల్లు మాస్టారు రాసుకుని తనే సంతకం పెట్టుకుంటే లాభం లేదు. ఫోన్‌లో డబ్బు జమైనంత మాత్రాన చాలుతుందా అన్నది వాదనకు దిగే సంగతి, కాబట్టి జమైన రోజే చెల్లు వేయించడం మేలు. చెల్లు వేయనంటే నోటు తిరగరాయించుకోవచ్చు. నోటు మీది తేదీని దిద్దడం మాత్రం కొంపముంచే పని. అవతలివారి సమ్మతి లేకుండా ముఖ్యమైన అంశం మారిస్తే నోటే చెల్లదు.

బాకీ మొండికేస్తే మొదట అడగాల్సింది మొత్తం కాదు. నెలకు ఐదు వేలు, ఫలానా తేదీకి అని తేల్చి అడిగితే ఇవ్వలేనివారెవరో, ఇవ్వదలచుకోనివారెవరో రెండు నెలల్లో తెలిసిపోతుంది. ఇవ్వలేనివారి దగ్గర వడ్డీ వదులుకుని అసలు రాబట్టుకోవడం చాలాసార్లు తెలివైన బేరం. పోలీస్ స్టేషన్‌కు వెళితే సివిల్ తగాదా అని పంపించేస్తారు. తీసుకునేటప్పుడే మోసగించే ఉద్దేశం ఉంటే తప్ప, అప్పు తీర్చకపోవడం నేరం కాదు.

దావాకు ముందు మండల న్యాయసేవా కమిటీకి అర్జీ పెట్టుకునే దారి ఒకటుంది. కోర్టు ఫీజు లేకుండానే అవతలివారిని పిలిపిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం. కానీ అవతలివారు ఒప్పుకోకపోతే అక్కడ బలవంతం ఏమీ ఉండదు, ఈలోగా నోటు గడువు కరిగిపోకుండా చూసుకోవాల్సింది అప్పిచ్చినవారే. ఆ తర్వాత మిగిలేది లాయరు నోటీసు, దావా.

డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. దాన్ని అమలు చేయించడానికి ఈపీ వేయాలి, అందుకు పన్నెండేళ్ల గడువుంది. జీతం జప్తు చేయిస్తే అందులో మొదటి వెయ్యి, మిగతా దానిలో మూడింట రెండు వంతులు ఉద్యోగికే వదలాలి. 31,000 జీతంలో నెలకు 10,000 మాత్రమే దక్కుతుంది, అదీ ఒక డిక్రీ కింద మొత్తం ఇరవై నాలుగు నెలలకు మించకుండా. మాస్టారి లక్షన్నర దానిలో వసూలవుతుంది. అడిగిన 3 లక్షలూ ఇచ్చి ఉంటే అసలు కూడా పూర్తిగా వచ్చేది కాదు.