ఆర్‌డీ కడితే చివరికి ఎంత వస్తుంది? మన చేత్తో మనమే లెక్క కడదాం

నెలకు వెయ్యి చొప్పున ఏడాది పాటు ఆర్‌డీ కట్టాం. బ్యాంకువాళ్లు 6 శాతం వడ్డీ అన్నారు. కట్టింది 12,000 కాబట్టి నూటికి ఆరు చొప్పున 720 రూపాయలు వడ్డీ వస్తుందనుకుంటాం. గడువు తీరాక చూస్తే వడ్డీ కింద వచ్చింది 395 రూపాయలే. సగం డబ్బు ఎటు పోయిందన్న అనుమానం చాలామందికి వస్తుంది. నిజానికి ఎటూ పోలేదు, లెక్క సరిగ్గానే ఉంది. పొరపాటల్లా 12,000 రూపాయలూ ఏడాదంతా బ్యాంకులోనే ఉన్నాయని మనం అనుకోవడంలో ఉంది.

జనవరి 1న కట్టిన వెయ్యి మాత్రమే పన్నెండు నెలలూ బ్యాంకులో ఉంటుంది. ఫిబ్రవరిలో కట్టింది పదకొండు నెలలు, మార్చిది పది నెలలు ఉంటాయి. డిసెంబరులో కట్టిన వెయ్యికి దక్కేది ఒక్క నెల వడ్డీయే. ప్రతి వాయిదాకూ అది బ్యాంకులో ఉన్నన్ని నెలలకే వడ్డీ. ఆర్‌డీ లెక్కంతా ఈ ఒక్క విషయం మీద నడుస్తుంది.

ఇక మూడు నెలలకోసారి చక్రవడ్డీ అంటే ఏమిటో చూద్దాం. బ్యాంకు ప్రతి మూడు నెలల చివర అప్పటిదాకా వచ్చిన వడ్డీని అసలులో కలుపుతుంది. అక్కడి నుంచి ఆ వడ్డీ మీద కూడా వడ్డీ నడుస్తుంది. ఏడాదికి 6 శాతం అంటే మూడు నెలలకు అందులో నాలుగో వంతు, అంటే ఒకటిన్నర శాతం. మన వాడుకలో చెప్పాలంటే నూటికి నెలకు అర్ధ రూపాయి వడ్డీ. వెయ్యికి నెలకు 5 రూపాయలు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి.

మొదటి మూడు నెలలు: జనవరి వెయ్యికి మూడు నెలల వడ్డీ 15 రూపాయలు, ఫిబ్రవరి వెయ్యికి రెండు నెలలకు 10, మార్చి వెయ్యికి ఒక నెలకు 5. మొత్తం 30 రూపాయలు. మార్చి ఆఖరుకు ఖాతాలో 3,030 ఉంటుంది. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి. ఏ మూడు నెలల్లోనైనా కొత్తగా కట్టే మూడు వాయిదాలు వడ్డీతో కలిసి 3,030 అవుతాయి.

రెండో మూడు నెలలు: పాత 3,030 మీద ఒకటిన్నర శాతం వడ్డీ 45.45. కొత్త వాయిదాల 3,030 కూడా కలిపితే జూన్ ఆఖరుకు 6,105.45.

మూడో మూడు నెలలు: 6,105.45 మీద వడ్డీ 91.58. దానికి కొత్త 3,030 చేర్చితే సెప్టెంబరు ఆఖరుకు 9,227.03.

నాలుగో మూడు నెలలు: 9,227.03 మీద వడ్డీ 138.41. మళ్లీ కొత్త 3,030 కలిపితే డిసెంబరు ఆఖరుకు 12,395.44.

ఇదే మీ మెచ్యూరిటీ సొమ్ము. ఇందులో చక్రవడ్డీ వల్ల వచ్చిందెంతో కూడా తెలుసుకోవచ్చు. పన్నెండు, పదకొండు, పది... ఇలా ఒకటి దాకా నెలలన్నీ కలిపితే 78. నెలకు 5 రూపాయల చొప్పున 78 నెలలకు బారువడ్డీ 390 రూపాయలు. వచ్చిన 395.44లో ఇది పోగా మిగిలిన 5.44 రూపాయలే వడ్డీ మీద వచ్చిన వడ్డీ. ఏడాది ఆర్‌డీలో చక్రవడ్డీ ఇంత చిన్నదిగానే ఉంటుంది. గడువు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది.

పోస్టాఫీసు ఆర్‌డీతో ఈ సంగతి బాగా తెలుస్తుంది. దాని గడువు ఐదేళ్లు. 2023 అక్టోబరు నుంచి దానికి 6.7 శాతం వడ్డీ ప్రకటించారు. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటును సమీక్షిస్తుంది కానీ, మీరు ఖాతా తెరిచిన నాటి రేటే ఐదేళ్లూ మీకు వర్తిస్తుంది. ఆ రేటుకు నెలకు వెయ్యి చొప్పున 60 నెలలు కడితే అసలు 60,000. చివరికి చేతికి వచ్చేది సుమారు 71,366. అంటే వడ్డీ 11,366. బారువడ్డీ అయితే 10,217 దగ్గర ఆగేది. అంటే మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలపడం వల్ల ఐదేళ్లలో దాదాపు 1,150 రూపాయలు అదనంగా వచ్చాయి.

ఐదేళ్లంటే ఇరవై త్రైమాసికాలు. పైన చేసినట్టు ఇరవై మెట్లు ఎక్కడం విసుగు కాబట్టి బ్యాంకులు ఒక సూత్రం వాడతాయి:

```
M = R × [(1 + i)^n − 1] ÷ [1 − (1 + i)^(−1/3)]
```

ఇందులో R నెల వాయిదా, M చివరికి వచ్చే సొమ్ము. i అంటే మూడు నెలల వడ్డీ: 6.7ను 400తో భాగిస్తే 0.01675. n అంటే త్రైమాసికాల సంఖ్య, ఇక్కడ 20. ఎక్కువ మంది తప్పు చేసేది ఈ n దగ్గరే. నెలలు 60 కదా అని అక్కడ 60 వేస్తే జవాబు ఎక్కడికో వెళ్లిపోతుంది. ఫోన్‌లో లెక్కల షీటు ఉంటే ఈ ఒక్క వరుస చాలు:

```
=FV((1+6.7%/4)^(1/3)-1, 60, -1000, 0, 1)
```

ఇక్కడ మాత్రం నెలల సంఖ్యే వేయాలి. ఎందుకంటే వరుస మొదట్లో ఉన్న భాగం మూడు నెలల వడ్డీని నెల వడ్డీగా మార్చేస్తుంది. చివరి 1 అంటే వాయిదా నెల మొదట్లో కడుతున్నామని అర్థం. జవాబు 71,365.83 వస్తుంది.

మన చేతి లెక్కకూ సూత్రానికీ కొన్ని పైసల తేడా ఉంటుంది. ఏడాది ఉదాహరణను సూత్రంలో వేస్తే 12,395.44కు బదులు 12,395.23 వస్తుంది. మనం నెలకు సరిగ్గా అర శాతం వేశాం. సూత్రం మాత్రం మూడు నెలలకు ఒకటిన్నర శాతం అయ్యేలా నెలకు 0.4975 శాతం లెక్కన చక్రవడ్డీ వేస్తుంది. తేడా పైసల్లో ఉంటే కంగారు పడనక్కర్లేదు. పదులు, వందల్లో ఉంటే మాత్రం కారణం అడగాలి.

అలాంటి తేడాకు మామూలుగా కారణం ఆలస్యంగా కట్టిన వాయిదాలే. ఈ లెక్కంతా ప్రతి నెలా గడువు తప్పకుండా కట్టినవారికే సరిపోతుంది. పోస్టాఫీసులో వాయిదా తప్పితే నూటికి నెలకు ఒక రూపాయి అపరాధ రుసుము. అంటే వెయ్యికి 10 రూపాయలు. ఆ వెయ్యి మీద నెలకు వచ్చే వడ్డీ ఆరు రూపాయలు కూడా ఉండదని గమనించండి. గడువుకు ముందే ఖాతా మూసేసినా చెప్పిన వడ్డీ రాదు.

ఖాతా తెరిచేటప్పుడు మూడు విషయాలు రాసుకోండి: వడ్డీ రేటు, మెచ్యూరిటీ తేదీ, రావాల్సిన మొత్తం. ఆ రోజే ఇంటికొచ్చి ఒకసారి లెక్క వేసి చూసుకోండి. తేడా కనిపిస్తే అడగాల్సింది అప్పుడే, ఐదేళ్లు గడిచాక కాదు.