డ్యాష్‌బోర్డు మొత్తం ఒకటి, ఫైనాన్స్ మొత్తం మరొకటి: తేడాను వివరించే ఉత్తరం

నెలాఖరులో డ్యాష్‌బోర్డు చూపే అమ్మకాల మొత్తానికీ, ఫైనాన్స్ వాళ్ల నివేదికలోని మొత్తానికీ పొంతన కుదరనప్పుడు మేనేజరు అనలిస్టును అడిగేది ఒకటే: ఈ రెండింటిలో ఏది నిజం? జవాబుగా రాసే ఉత్తరం డ్యాష్‌బోర్డు అంకె దగ్గర బయల్దేరి, ఒక్కో కారణానికి ఎంత తీసివేయాలో, ఎంత కలపాలో చూపుతూ ఫైనాన్స్ అంకె దగ్గరికి చేరాలి. ఇంటర్ కామర్స్‌లో చెప్పే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికది కూడా ఇదే పద్ధతి. కారణాలు మాత్రమే ఏకరువు పెట్టి, దేనివల్ల ఎన్ని రూపాయల తేడా వచ్చిందో చెప్పని ఉత్తరం మేనేజరుకు ఎందుకూ పనికిరాదు.

ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక సంస్థను ఊహించుకుందాం. మార్చి నెలకు డ్యాష్‌బోర్డు రూ.1,12,35,000 చూపుతోంది. ఫైనాన్స్ నివేదికలో రూ.89,88,000 ఉంది. తేడా రూ.22,47,000. లెక్క తేలిగ్గా ఉండటానికి సరుకంతటి మీదా 5 శాతం జీఎస్టీ అనుకుందాం.

ఉత్తరం మొదటి పేరాలోనే జవాబు ఉండాలి. “మేడమ్, మార్చి తేడా రూ.22,47,000లో రూ.20,25,000 రెండు విభాగాలూ అమ్మకాన్ని వేర్వేరుగా లెక్కించడం వల్ల వచ్చింది. రూ.2,10,000 డ్యాష్‌బోర్డులోని తప్పు. మిగిలిన రూ.12,000కు కారణం ఇంకా దొరకలేదు. ఎన్ని ఆర్డర్లు వచ్చాయో తెలుసుకోవడానికి డ్యాష్‌బోర్డు, ఎంత ఆదాయం వచ్చిందో చెప్పడానికి ఫైనాన్స్ నివేదిక చూడండి.” మేనేజరు ఇక్కడితో చదవడం ఆపేసినా పని జరుగుతుంది. కింద ఉన్నదంతా దీనికి ఆధారం.

ముందు తప్పు సంగతి చెప్పేయడం మంచిది. డ్యాష్‌బోర్డు ఆర్డర్ల పట్టికను చెల్లింపుల పట్టికతో జతచేసి మొత్తం తీస్తోంది. కొనుగోలుదారు ఒకే ఆర్డరుకు కొంత వాలెట్ నుంచి, కొంత యూపీఐతో కడితే చెల్లింపుల పట్టికలో రెండు వరుసలు పడతాయి. జత కలిపినప్పుడు ఆర్డరు కూడా రెండుసార్లు వస్తుంది. రూ.6,300 చీర రూ.12,600 అవుతుంది. అలాంటి ఆర్డర్లను పట్టుకోవడానికి ఈ చిన్న క్వెరీ చాలు:

```sql
SELECT order_id, COUNT(*)
FROM payments
GROUP BY order_id
HAVING COUNT(*) > 1;
```

జత కలపక ముందు ఆర్డర్ల మొత్తం ఎంత, కలిపాక ఎంత అని చూస్తే అదనంగా చేరిన డబ్బు తెలిసిపోతుంది. ఇక్కడ అది రూ.2,10,000. తీసేస్తే రూ.1,10,25,000 మిగులుతుంది.

ఇక మిగిలినవి లెక్కించే తీరులోని తేడాలు. ఆర్డరు పెట్టగానే డ్యాష్‌బోర్డు దాన్ని అమ్మకంగా చూపుతుంది. ఫైనాన్స్ అలా చూపకూడదు. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 115 ప్రకారం సరుకు మీద అధికారం కొనుగోలుదారు చేతికి వెళ్లాకే అది ఆదాయం. చిన్న సంస్థలు పాటించే ఏఎస్ 9 కూడా యాజమాన్యంతో వచ్చే లాభనష్టాలు బదిలీ కావాలంటుంది. ఈ సంస్థ చీర ఇంటికి చేరిన రోజునే అమ్మకం రాస్తుంది. అందువల్ల పంపకముందే రద్దయినవీ, క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోకుండా తిప్పి పంపేసినవీ ఫైనాన్స్ లెక్కలోకి రానే రావు. వాటి విలువ రూ.8,40,000 పోతే రూ.1,01,85,000.

నెల సరిహద్దు దగ్గర రెండు వైపులా సర్దుబాటు ఉంటుంది. మార్చిలో ఆర్డరు పెట్టి ఏప్రిల్‌లో చేరిన సరుకు రూ.9,45,000 తీసేయాలి. ఫిబ్రవరిలో ఆర్డరు పెట్టి మార్చిలో చేరినది రూ.6,30,000 కలపాలి. తేలేది రూ.98,70,000. చాలామంది ఈ రెండింటినీ కలిపి రూ.3,15,000 అని ఒకే ముక్కగా రాసేస్తారు. అది సరికాదు. విడిగా చూపితేనే నెలాఖరులో ఎంత సరుకు దారిలో ఉండిపోయిందో మేనేజరుకు కనిపిస్తుంది.

సరిహద్దు దగ్గర మరో చిక్కు ఉంది. డ్యాష్‌బోర్డు డేటాబేసులో సమయం యూటీసీలో నమోదవుతుంటే అది మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 3 గంటలకు పెట్టిన ఆర్డరు అక్కడ మార్చి 31 రాత్రి 9:30 అవుతుంది. దీనికి పట్టికలో విడిగా ఇంకో వరుస పెట్టాలనిపిస్తుంది కానీ పెట్టకూడదు. ఆ ఆర్డరు ఎలాగూ ఏప్రిల్‌లోనే చేరుతుంది కాబట్టి పై రూ.9,45,000లో ఇప్పటికే ఉంది. మళ్లీ తీసేస్తే రెండుసార్లు తీసినట్టవుతుంది.

తర్వాత వాపసులు. కొనుగోలుదారు చీర తిప్పి పంపితే, క్రెడిట్ నోట్ ఇచ్చిన నెలలో ఫైనాన్స్ ఆ మేరకు తగ్గిస్తుంది. ఈ డ్యాష్‌బోర్డు అసలు తగ్గించదు. మార్చిలో ఇచ్చిన క్రెడిట్ నోట్లు రూ.4,20,000. అవి పోగా రూ.94,50,000. కొన్ని డ్యాష్‌బోర్డులు పాత ఆర్డరు స్థితినే మార్చేస్తాయి. అక్కడ మార్చి అంకె ఏప్రిల్ 5న ఒకలా, 20న ఇంకోలా కనిపిస్తుంది. ఫైనాన్స్ బుక్స్ మూసేశాక వాళ్ల అంకె మారదు. కాబట్టి డ్యాష్‌బోర్డు అంకెను ఏ తేదీన, ఏ సమయానికి తీశారో ఉత్తరంలో తప్పక రాయాలి.

చివరిది పన్ను. ఆర్డరు విలువలో జీఎస్టీ కలిసి ఉంటుంది, అది ప్రభుత్వానికి చేరాల్సిన సొమ్ము. ధరలోనే పన్ను ఉంది కాబట్టి 5 శాతం తీసేస్తే సరిపోదు, 105లో 5 వంతులు తీయాలి. రూ.94,50,000లో అది రూ.4,50,000. మిగిలింది రూ.90,00,000.

పన్నును చివర కాకుండా మొదటే తీస్తే ఆ వరుస రూ.5,35,000 అవుతుంది, మిగతా వరుసలన్నీ ఆ మేరకు చిన్నవవుతాయి. గమ్యం మారదు, మధ్యలోని అంకెలు మారతాయి. ఫైనాన్స్ వాళ్లు తమ వాపసుల లెక్క పన్ను లేకుండా రూ.4,00,000 అంటే, ఉత్తరంలోని రూ.4,20,000 తప్పని మేనేజరు అనుకునే ప్రమాదం ఉంది. ఏ వరుసలో పన్ను కలిసి ఉందో పక్కనే రాస్తే ఆ గొడవ రాదు.

రూ.90,00,000కూ రూ.89,88,000కూ మధ్య రూ.12,000 ఉంది. దీన్ని ‘ఇతరములు’ అని రాసి ముగించాలన్న ఆశ బలంగా ఉంటుంది. అలా రాయకూడదు. మిగులు చిన్నదైనంత మాత్రాన లోపలి తప్పులు చిన్నవని కాదు. ఒక వైపు రూ.2,12,000, మరో వైపు రూ.2,00,000 తప్పు ఉన్నా మిగిలేది రూ.12,000 మాత్రమే. తేల్చుకోవడానికి రెండు విభాగాల నుంచీ ఇన్వాయిస్ నంబర్ల జాబితాలు తెచ్చి పక్కపక్కన పెట్టాలి. ఒక జాబితాలోనే ఉన్నవీ, రెండింటిలోనూ ఉండి విలువ కలవనివీ అప్పుడు బయటపడతాయి. ఉత్తరంలో “కారణం తెలియనిది: రూ.12,000. ఇన్వాయిస్ వారీగా పోలుస్తున్నాం, శుక్రవారానికి చెబుతాం” అని ఉంటే చాలు.

మేనేజరు నిర్ణయించాల్సినవి ఆఖరి పేరాలో వస్తాయి. డ్యాష్‌బోర్డులోని ‘మొత్తం అమ్మకాలు’ అన్న పేరును ‘పెట్టిన ఆర్డర్ల విలువ, జీఎస్టీతో’ అని మార్చడానికి ఆమె ఒప్పుకోవాలి. రెండుసార్లు లెక్కపడే తప్పును సరిచేస్తే మార్చి ఒక్కటే కాదు, వాలెట్ చెల్లింపులు మొదలైనప్పటి నుంచి ప్రతి నెల మొత్తమూ తగ్గుతుంది. ఆ పాత అంకెలను ఆమె ఇప్పటికే యాజమాన్యానికి చూపించి ఉండవచ్చు. అందుకే నెలవారీగా పాత విలువ, కొత్త విలువ పట్టికను ఉత్తరానికి జతచేసి, ఆమె చూసి సరేనన్నాకే మార్పును డ్యాష్‌బోర్డులో పెడతారు.