ధర్మరాజు అడిగిన ప్రశ్న

ధర్మం, అర్థం, కామం, మోక్షం. పురుషార్థాలు నాలుగని చిన్నప్పుడే బట్టీ పట్టేస్తాం. మనిషి బతుకులో కోరి సాధించదగినవి ఇవేనని అర్థం కూడా చెప్పుకుంటాం. వీటిలో ఏది ముందు అన్న దగ్గరే చిక్కు. దాని మీద మహాభారతం శాంతిపర్వంలో ఒక ఇంటివాళ్ల మధ్యే వాదన నడిచింది.

యుద్ధం ముగిసింది. అంపశయ్య మీది భీష్ముడు రాజధర్మాలూ ఆపద్ధర్మాలూ చెప్పి ఊరుకున్నాడు. ధర్మరాజు ఇంటికొచ్చి, నలుగురు తమ్ముళ్లనూ పినతండ్రి విదురుణ్ణీ కూర్చోబెట్టుకుని అడిగాడు: లోకం ధర్మార్థకామాల మీద నడుస్తోంది కదా, వీటిలో ఏది పెద్దది, ఏది నడిమిది, ఏది చిన్నది?

ఆయన అడిగింది మూడింటి గురించే. పాత గ్రంథాలు చాలాచోట్ల ఈ మూడింటినే కలిపి త్రివర్గం అంటాయి. పెళ్లిలో వరుడి చేత ‘నాతిచరామి’ అనిపించేదీ ఈ మూడింటి విషయంలోనే. సంసారికి పనికొచ్చే లెక్క అది. నాలుగోదాని దారి వేరు.

ముందు విదురుడు మాట్లాడాడు. చదువు, దానం, ఓర్పు, దయ, సత్యం, మనసు మీద అదుపు, ఇవే మనిషికి అసలు ఆస్తి అన్నాడు. లోకాలు నిలిచేది ధర్మం మీదే కాబట్టి అది పెద్దది, అర్థం నడిమిది, కామం చిన్నది. వావివరసలు, మాట నిలుపుకోవడం, ఎవరి బాధ్యత వాళ్లు మోయడం, అన్నీ ఈ ధర్మంలోకే వస్తాయి. పూజాపునస్కారాలు అందులో ఒక పాలు మాత్రమే.

అర్జునుడు ఒప్పుకోలేదు. ఇది కర్మభూమి, ఇక్కడ సేద్యం, వర్తకం, పశుపోషణ, చేతిపనులు ఉంటేనే బతుకు సాగుతుంది అన్నాడు. అర్థమంటే మూటగట్టిన డబ్బొక్కటే కాదన్నమాట. జీవనోపాధీ, దాన్ని సంపాదించే నేర్పూ అందులో భాగమే. చేతిలో ఏమీ లేనివాడు దానమేం చేస్తాడు, ముచ్చటేం తీర్చుకుంటాడు? జడలు కట్టిన తాపసులు, కాషాయం కట్టినవాళ్లు కూడా అర్థం కోసం తిరుగుతూనే ఉన్నారని చురక కూడా వేశాడు. అర్థశాస్త్రం రాసిన కౌటిల్యుడిదీ ఇదే పక్షం. ధర్మకామాలకు మూలం అర్థమేనంటాడు.

నకుల సహదేవులు మధ్యేమార్గం పట్టారు. సంపాదించాల్సిందే, కానీ ధర్మంతో కలిపి సంపాదించాలి అన్నారు. ముందు ధర్మం, దాని వెంట అర్థం, ఆ తర్వాత కామం.

నా మటుకు అందరికన్నా బలంగా వాదించినవాడు భీముడు. తిండిపోతు అని నవ్వుకునే భీముడే! కోరికే లేనివాడు సంపాదనా కోరడు, ధర్మమూ కోరడు అన్నాడు. ఆకులు మేసి, గాలి పీల్చి తపస్సు చేసే మునులను అడవిలో కూర్చోబెట్టింది కూడా ఏదో ఒక కోరికే. వర్తకుడు ఓడెక్కి సముద్రం మీదికి పోయేది దాని వల్లే. కామమంటే స్త్రీపురుషుల మధ్య ఆకర్షణ ఒక్కటే అనుకునేవాళ్లు ఈ వాదన వినాలి. అంత చెప్పినవాడు చివరికి అన్న మాట ఇంకా ముఖ్యం: మూడింటినీ సమంగా సేవించాలి, ఒక్కదాన్నే పట్టుకు వేలాడేవాడు అధముడు.

అందరూ చెప్పాక ధర్మరాజు అసలు ఈ లెక్కలోనే లేని మాట తెచ్చాడు. పుణ్యపాపాలకూ ధర్మార్థకామాలకూ అంటనివాడు, బంగారాన్నీ మట్టిబెడ్డనూ ఒకేలా చూసేవాడు సుఖదుఃఖాల నుంచి విడుదల పొందుతాడు అన్నాడు. అదే మోక్షం. మొదటి మూడూ ఏదో ఒకటి సంపాదించుకోమంటాయి, ఇది సంపాదించిన దాని మీద పట్టు వదలమంటుంది. అందుకే ఆ మూడింటి పక్కన పేర్చి పెద్దాచిన్నా తేల్చడం కుదరదు. తమ్ముళ్లు ఆయన మాటకు సంతోషించి నమస్కరించారు.

అలాగని ఆయన ఆ పూటే అడవికి పోలేదు. మళ్లీ భీష్ముడి దగ్గరికే వెళ్లి ప్రశ్నలు మొదలుపెట్టాడు. తర్వాత, బంధువులను చంపుకున్న పాపం పోవడానికి అశ్వమేధం చెయ్యమని వ్యాసుడు చెబితే, ఖజానాలో డబ్బు లేదని వాపోయాడు. యుద్ధం అంతా ఊడ్చేసింది. పూర్వం మరుత్తుడనే రాజు యాగం చేసి హిమాలయాల్లో వదిలేసిన బంగారం ఉందని వ్యాసుడే దారి చూపాడు. పాపం పోవాలన్న కోరిక ఉంది, చెయ్యాల్సిన ధర్మకార్యం ఉంది, లేనిదల్లా అర్థం. బంగారాన్నీ మట్టినీ ఒకేలా చూడాలన్న ఆ రాజే, తమ్ముళ్లను వెంటబెట్టుకుని హిమాలయాలకు వెళ్లి, ఆ బంగారాన్ని తవ్వించి బళ్లకెత్తించాడు.