తడిసిన పనలు, తేలని క్లెయిము: బీమా కంపెనీకి రైతు రాయాల్సిన ఉత్తరం

కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతకు రాకముందే చేలో మినుము చల్లే రైతులు చాలామంది. మొలిచిన మినుము మీద యంత్రం తిప్పలేరు కాబట్టి కూలీలను పెట్టి వరి కోయించి, పనలు చేలోనే ఆరేస్తారు. అవి ఆరి కుప్పకు చేరేలోగా డిసెంబరు వాన పడితే, కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. ఇలాంటి నష్టానికి ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో విడిగా ఒక రక్షణ ఉంది. కోశాక పొలంలో పనలుగానో చిన్న కట్టలుగానో ఆరుతున్న పంటకు, కోసిన నాటి నుంచి 14 రోజుల వరకు తుపాను, అకాల వర్షం, వడగళ్ల వల్ల నష్టం జరిగితే రైతువారీగా లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి.

ఇక్కడ రైతువారీగా అన్న మాట ముఖ్యం. ఈ పథకంలో ఎక్కువ క్లెయిములు ఊరినో పంచాయతీనో ఒక యూనిట్‌గా తీసుకుని పంటకోత ప్రయోగాల దిగుబడిని బట్టి తేలేవే. ఆ లెక్కలో మీ చేను ఒక్కటే పోతే పైసా రాదు. పనలు తడిసిన క్లెయిము దారి వేరు కనుక ఉత్తరంలో మొదటి వాక్యమే ఆ సంగతి చెప్పాలి. లేకపోతే 'మీ యూనిట్‌లో దిగుబడి తగ్గలేదు' అని జవాబు వస్తుంది. అడిగిన ప్రశ్నకు అది జవాబే కాదు, కానీ ఫైలు మూయడానికి చాలు.

ఈ దారిలో కంపెనీకి గడువులున్నాయి. నష్టం జరిగిన 72 గంటల్లో రైతు ఫోన్‌లోగానీ, యాప్‌లోగానీ, బ్యాంకు, వ్యవసాయ శాఖ ద్వారాగానీ కబురు చేయాలి. కబురు అందిన 48 గంటల్లో కంపెనీ సర్వేయరును నియమించాలి, తర్వాతి పది రోజుల్లో అంచనా పూర్తి కావాలి, ఆపై 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఒక్కో గడువు దాని ముందు తేదీ నుంచి లెక్కలోకి వస్తుంది. అందుకే ఉత్తరంలో తేదీ లేకపోతే ఆలస్యం ఎక్కడ జరిగిందో అడిగే వీలే ఉండదు.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క తేలికగా ఉండటానికి వేసుకున్నవి. ఒక రైతు మూడెకరాల వరికి ఎకరాకు 40,000 రూపాయల చొప్పున 1,20,000కు బీమా చేశాడు. ఖరీఫ్ ఆహార పంటలకు రైతు వాటా గరిష్ఠంగా 2 శాతం, అంటే 2,400. వాన పడే నాటికి ఒక ఎకరం కుప్ప వేసేశాడు, రెండెకరాల పనలు చేలోనే ఉన్నాయి. ఆయన రాసిన ఉత్తరం ఇలా ఉండాలి:

'క్లెయిముల విభాగం అధికారి గారికి,

విషయం: కోత అనంతర నష్టం క్లెయిము చెల్లింపులో జాప్యం. దరఖాస్తు నంబరు ......, ఫిర్యాదు నమోదు నంబరు ......

అయ్యా, ఖరీఫ్‌లో నా మూడెకరాల వరికి మీ కంపెనీలో బీమా ఉంది. గ్రామం, పొలం సర్వే నంబరు, ఈ-పంట నమోదు వివరాలు కింద ఇచ్చాను. జులై 24న నా పంట రుణం ఖాతా నుంచి బ్యాంకు 2,400 రూపాయల ప్రీమియం మినహాయించుకుంది.

డిసెంబరు 4న వరి కోయించాను. 6వ తేదీ రాత్రి కురిసిన అకాల వర్షానికి రెండెకరాల పనలు తడిసి గింజ మొలకెత్తింది. 8వ తేదీ ఉదయం 14447కు ఫోన్ చేసి నష్టం నమోదు చేయించాను. 14న మీ సర్వేయరు, వ్యవసాయ శాఖ సిబ్బంది నా సమక్షంలో పొలం చూసి, నష్టం 60 శాతంగా రాశారు. ఆ పత్రం మీద నేను సంతకం చేశాను, దాని ఫోటో జతచేస్తున్నాను.

ఈ లెక్కన రెండెకరాల బీమా మొత్తం 80,000లో 60 శాతం, అంటే 48,000 రూపాయలు నాకు రావాలి. ఈ రోజు ఫిబ్రవరి 20. ఇంతవరకు చెల్లింపు లేదు. కాబట్టి సర్వే నివేదిక మీకు ఏ తేదీన అందింది, క్లెయిము ఆమోదించారా, ఎంత మొత్తానికి, ఆగి ఉంటే ఏ కారణంతో ఆగిందీ రాతపూర్వకంగా తెలపండి. నిబంధనల ప్రకారం ఆలస్యానికి వడ్డీ వర్తిస్తే దాన్నీ కలిపి చెల్లించండి.'

ఇందులో 'అప్పుల్లో కూరుకుపోయాను, ఆదుకోండి' అన్న వాక్యం లేదు. ఉన్నా తప్పు లేదు, నిజమే అయివుంటుంది. కానీ దానికి గుమాస్తా జవాబు రాయాల్సిన పని లేదు. నివేదిక ఏ తేదీన అందిందన్న ప్రశ్నకు మాత్రం రాయక తప్పదు.

ఎక్కువమంది పొరబడేది సర్వే తేదీ దగ్గరే. వాన వెలిసిన రెండో రోజో మూడో రోజో రైతు సేవా కేంద్రం సిబ్బంది, రెవెన్యూ వాళ్లు వచ్చి పంట నష్టం రాసుకుని వెళ్తారు. అది ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ కోసం. దానికీ బీమాకూ సంబంధం లేదు. ఆ తేదీ ఉత్తరంలో వేస్తే కంపెనీ తమ సర్వే జరగనే లేదని తేలిగ్గా తప్పుకుంటుంది. కంపెనీ మనిషి ఎవరు, ఏ కాగితం మీద ఎన్ని శాతం రాశాడు అన్నది పొలం గట్టు మీదే చూసి ఫోటో తీసుకోవాలి. తర్వాత అడిగితే ఆ కాగితం చూపించే వాళ్లుండరు. ఊళ్లో ఆ పంట విస్తీర్ణంలో పావు వంతుకు మించి దెబ్బతింటే నమూనా పొలాలే చూసి యూనిట్ మొత్తానికీ అదే నష్టం వర్తింపజేస్తారు. అప్పుడు మీ చేలోకి సర్వేయరు రాకపోవచ్చు. ఉత్తరంలో 'నా పొలం సర్వే చేశారు' అని రాయకుండా, నమూనా సర్వే ఎప్పుడు జరిగిందని అడగాలి.

వచ్చే జవాబుల్లో ఒకటి: 'ప్రభుత్వ ప్రీమియం వాటా ఇంకా అందలేదు'. ఇది సాకే అని కొట్టిపారేయలేం. రైతు కట్టే 2 శాతం పోగా మిగతా ప్రీమియాన్ని కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి, 2025 ఖరీఫ్‌కు ముందు అది అందాకే చెల్లించాలన్న షరతు నిబంధనల్లో ఉండేది. అయితే ఆ మాట కాగితం మీద రాయించుకుంటే ఆలస్యం ఎవరిదో తెలుస్తుంది. ఆలస్యం కంపెనీదైతే నిర్ణీత వ్యవధి దాటాక ఏడాదికి 12 శాతం వడ్డీ కలపాలన్నది పథకంలో ఉన్నదే. 48,000 మీద అది నెలకు 480 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ అడిగిన ఉత్తరానికి బరువు వస్తుంది.

మరో జవాబు: 'చెల్లించేశాం'. ఇది విని రైతులు మండిపడతారు గానీ, చాలాసార్లు అది నిజమే. డబ్బు ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకు వెళ్తుంది. ప్రీమియం తీసుకున్న బ్యాంకు ఒకటి, ఆధార్ ముడిపడిన బ్యాంకు మరొకటి అయితే ఎప్పుడో తెరిచి మరిచిన పుస్తకంలో జమై ఉండొచ్చు, ఆ ఖాతా మూతపడి ఉంటే వెనక్కి పోయి ఉండొచ్చు. అప్పుడు చెల్లింపు లావాదేవీ నంబరు, తేదీ అడగాలి.

ఇక 'పంట వివరాలు సరిపోలలేదు' అంటే ఈ-పంటలో మూడెకరాలకు బదులు రెండున్నరో, వరికి బదులు మరో పంటో నమోదై ఉంటుంది. అది కంపెనీ సరిచేసేది కాదు, గ్రామ వ్యవసాయ సహాయకుల దగ్గర మొదలవ్వాలి. కౌలు రైతుకు ఈ చిక్కు ఎక్కువ. సాగుదారు హక్కు పత్రం లేక భూయజమాని పేరు మీద నమోదైతే డబ్బు యజమాని ఖాతాకే పోతుంది, ఎంత బాగా రాసిన ఉత్తరమైనా దాన్ని తేలేదు.

ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు వచ్చేలా పంపి, నకలు జిల్లా వ్యవసాయ అధికారికి ఇవ్వాలి. జవాబు రాకపోతే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లొచ్చు. అక్కడికి తీసుకెళ్లాల్సినవి ఈ ఉత్తరం నకలు, పోస్టు రసీదు, సర్వే కాగితం ఫోటో.